బిడ్డ ఎన్‌ఐసీయూలో ఉంటే సెలవు ఎలా అడగాలి?

హైదరాబాద్‌లో ఓ ప్రైవేటు కంపెనీ ఉద్యోగినికి మే 20న కాన్పు కావాలని డాక్టరు చెప్పారనుకుందాం. బీపీ పెరగడంతో మార్చి 4నే, అంటే 29 వారాలకే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. తొలి ఇద్దరు పిల్లల వరకు చట్టం ఇచ్చే 26 వారాల మెటర్నిటీ లీవు ఆ రోజే మొదలై సెప్టెంబరు 1తో ముగుస్తుంది. అందులో ఎనిమిది వారాలు బిడ్డ ఎన్‌ఐసీయూలోనే ఉంటే, మూడో వంతు సెలవు ఆస్పత్రిలోనే గడిచిపోయినట్టు. సెలవు అయ్యేనాటికి బిడ్డకు ఆరు నెలలని కాగితం మీద ఉంటుంది. పిల్లల డాక్టర్లు మాత్రం అసలు కాన్పు తేదీ నుంచి లెక్కగడతారు. ఆ లెక్కన మూడున్నర నెలలు కూడా నిండవు.

ఇక్కడే ఆమె అడగదగ్గది ఒకటుంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం 10వ సెక్షన్ ప్రకారం మరో నెల వరకు జీతంతో సెలవు వచ్చేది. 2025 నవంబరులో ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఈ వెసులుబాటు ఉంది.

అయితే చాలా దరఖాస్తులు దారితప్పేది ఇక్కడే. ఆ నిబంధన చెప్పేది గర్భం, కాన్పు, నెలలు నిండని ప్రసవం వంటి వాటివల్ల తల్లికి వచ్చిన అనారోగ్యం గురించి. ‘మా బాబు ఎన్‌ఐసీయూలో ఉన్నాడు, సెలవు పొడిగించగలరు’ అని రాసి, బిడ్డ డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే జతచేస్తే, తల్లి అనారోగ్యానికి రుజువేదని హెచ్‌ఆర్ వెనక్కి పంపే అవకాశం ఉంది. అందుకే కాన్పు చేసిన గైనకాలజిస్టు సర్టిఫికెట్ ముఖ్యం. నెలలు నిండని ప్రసవమని, కుట్లు మానకపోవడం, తగ్గని బీపీ, ప్రసవానంతర డిప్రెషన్ వంటి సమస్య నిజంగా ఉంటే అదేమిటో, ఎన్నాళ్లు విశ్రాంతి కావాలో అందులో ఉండాలి. నిద్ర లేకుండా రెండు మూడు గంటలకోసారి పాలు పిండి ఎన్‌ఐసీయూకు ఇస్తున్న తల్లి తన ఒంటి బాధను డాక్టరుకు చెప్పుకోదు. చెప్పాలి, రాయించుకోవాలి.

దరఖాస్తు సూటిగా ఉంటే చాలు: ‘నా మెటర్నిటీ లీవు సెప్టెంబరు 1తో ముగుస్తుంది. నెలలు నిండని ప్రసవం వల్ల కలిగిన అనారోగ్యం కారణంగా, సామాజిక భద్రతా కోడ్ కింద అక్టోబరు 1 వరకు సెలవు కోరుతున్నాను. డాక్టరు సర్టిఫికెట్ జతచేశాను.’ సెలవు అయిపోకముందే మెయిల్‌లో పంపాలి. ఫోన్‌లో చెప్పిన మాటకు రుజువుండదు. ఈఎస్‌ఐ పరిధిలోని వారికి డబ్బిచ్చేది ఈఎస్‌ఐ కార్పొరేషన్ కాబట్టి, దరఖాస్తు అక్కడ పెట్టుకోవాలి.

తల్లి ఆరోగ్యం కుదుటపడి, బిడ్డ కోసమే సెలవు కావాల్సి వస్తే ఈ నిబంధన పనికిరాదు. అప్పుడు ఉన్న ఆర్జిత సెలవులో, జీతం లేని సెలవో, ఇంటి నుంచి పనో యజమానితో మాట్లాడుకోవాల్సిందే. చట్టంలోని ఈ వెలితి చిన్నది కాదు. బ్రిటన్‌లో 2025 ఏప్రిల్ నుంచి, పుట్టిన 28 రోజుల్లోపు ఆస్పత్రిలో చేరి వారం పైన ఉన్న బిడ్డ కోసం తల్లికీ తండ్రికీ కూడా 12 వారాల వరకు విడిగా సెలవిస్తున్నారు. మన దగ్గర ప్రైవేటు ఉద్యోగం చేసే తండ్రికి అలాంటి హక్కు చట్టంలో లేదు.