క్వార్టరూ, నొప్పి మాత్రా

1971లో మాస్కోలో జరిగిన ఒక సదస్సులో మొదటి ప్రసంగం బ్రిటిష్ శాస్త్రవేత్త స్టీవార్ట్ ఆడమ్స్‌ది. ముందు రాత్రి స్నేహితులతో తాగుడు కాస్త ఎక్కువైంది. పొద్దున్నే తలనొప్పి. 600 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్ వేసుకుని వేదిక ఎక్కారు. నాటింగ్‌హామ్‌లోని బూట్స్ కంపెనీలో ఏళ్ల తరబడి శ్రమించి ఆ మందును కనిపెట్టింది ఆయనే. తలనొప్పికి అది భేషుగ్గా పనిచేసిందని తర్వాత ఆయనే చెప్పుకున్నారు.

ఆడమ్స్‌కేమీ కాలేదు. ఎప్పుడో ఒకసారి తాగి, ఎప్పుడో ఒక మాత్ర వేసుకునే ఆరోగ్యవంతుడికి కడుపులో రక్తస్రావమయ్యే అవకాశం తక్కువే. చిక్కంతా ఈ రెండూ అలవాటుగా మారినవారితోనే. రోజూ సాయంత్రం తాగేవారికి ఒళ్లునొప్పులూ రోజూ ఉంటాయి. మందుల షాపులో రెండు మాత్రలు కత్తిరించి ఇమ్మంటే ఇస్తారు, చీటీ అడగరు. ఆ రెండు మాత్రల్లో ఏముందో చాలామందికి తెలియదు. బాగా అమ్ముడయ్యే కాంబిఫ్లామ్‌లో 400 మిల్లీగ్రాముల ఐబుప్రొఫెన్‌తో పాటు పారాసెటమాల్ ఉంటుంది. డిస్ప్రిన్ అంటే ఆస్పిరినే. గుండె జబ్బువారు వేసుకునే ఎకోస్ప్రిన్ కూడా అదే, కాకపోతే తక్కువ మోతాదు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ కూడా కడుపు విషయంలో ఐబుప్రొఫెన్‌కు దగ్గరి చుట్టాలు.

కడుపు తన ఆమ్లానికి తానే ఎందుకు కరిగిపోదన్నది ఇక్కడ అసలు ప్రశ్న. లోపలి గోడ మీద ఎప్పటికప్పుడు జిగురుపొర ఊరుతుంటుంది. దానికింద రక్తం బాగా ప్రవహిస్తూ చిన్న చిన్న గాయాలను మాన్పుతుంటుంది. ఈ కాపలాను నడిపించేవి ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు. నొప్పినీ వాపునూ పెంచేదీ అదే కుటుంబం. ఆస్పిరిన్ వాటి తయారీని అడ్డుకుంటుందని 1971లోనే జాన్ వేన్ తేల్చి చెప్పారు. 1982లో నోబెల్ అందుకున్నారు. అంటే మాత్ర మోకాలి నొప్పిని తగ్గించే దారిలోనే కడుపు కాపలానూ తీసేస్తుంది.

ఇదంతా రక్తం ద్వారా జరిగే పని. అందుకే అన్నం తిన్నాక మాత్ర వేసుకుంటే కడుపులో మంట తగ్గుతుందేమో గానీ, పుండు పడే ముప్పు పోదు. ఇంజెక్షన్ చేయించుకుంటే కడుపుకు తగలదనుకోవడమూ పొరపాటే.

కాపలా లేని ఆ గోడ మీదికి మద్యం వస్తుంది. గాఢత ఎక్కువగా ఉన్న మద్యం జిగురుపొరను చెరిపి, అక్కడక్కడా ఒరుసుకుపోయేలా చేస్తుంది. మామూలుగా అలాంటి చోట రక్తం చెమర్చినా, ప్లేట్‌లెట్లు అతుక్కుని అడ్డకట్ట వేస్తాయి. నొప్పి మాత్ర ఆ ప్లేట్‌లెట్లను కూడా మొద్దుబారుస్తుంది. ఐబుప్రొఫెన్ ప్రభావం ఒక రోజులో దిగిపోతుంది. ఆస్పిరిన్ సంగతి వేరు. అది తగిలిన ప్లేట్‌లెట్ బతికినన్నాళ్లూ, అంటే వారం పది రోజులు, పనికిరాకుండా పోతుంది. పొద్దున ఆస్పిరిన్ వేసుకుని రాత్రి తాగితే మధ్యలో వ్యవధి ఇచ్చినట్టేనన్న లెక్క అందుకే కుదరదు.

ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో 1999లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది. కడుపులో రక్తస్రావంతో ఆసుపత్రిలో చేరిన 1,224 మంది అమెరికా, స్వీడన్ రోగుల అలవాట్లను ఇతరులతో పోల్చారు. వారానికి 21 డ్రింకులు, అంతకు మించి తాగేవారికి, దాదాపు తాగనివారితో పోలిస్తే ముప్పు 2.8 రెట్లుంది. తాగేవారిలోనే ఐబుప్రొఫెన్ తరచుగా వాడేవారికి, వాడనివారికన్నా ముప్పు 2.7 రెట్లు. ఎప్పుడో ఒకసారి వాడేవారికి పెద్ద తేడా కనిపించలేదు. ఆస్పిరిన్ విషయంలో ఆ వెసులుబాటు కూడా లేదు, అప్పుడప్పుడూ వాడినా ముప్పు పెరిగింది.

అంతకు ఏడాది ముందే, 1998లో, అమెరికా ఎఫ్‌డీఏ చీటీ లేకుండా అమ్మే నొప్పి మాత్రల మీద ఒక హెచ్చరిక తప్పనిసరి చేసింది. రోజూ 3 డ్రింకులు, అంతకన్నా ఎక్కువ తాగేవారు డాక్టర్‌ను అడిగాకే వాడాలన్నది దాని సారాంశం. మూడంటే చాలా ఎక్కువనిపిస్తుంది. మన లెక్కలో చూస్తే కాదు. అమెరికాలో ఒక డ్రింక్ అంటే 14 గ్రాముల ఆల్కహాల్. 180 మిల్లీలీటర్ల విస్కీ క్వార్టర్‌లో సుమారు 60 గ్రాములుంటుంది, అంటే నాలుగు డ్రింకుల పైమాటే. 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు ఒక్కటే దాదాపు మూడు డ్రింకులు.

యాభై ఏళ్ల తాపీమేస్త్రీ ఒకరిని ఊహించుకుందాం. రోజూ క్వార్టర్ తాగుతారు. నడుంనొప్పికి పదిరోజులుగా పొద్దునొకటి, రాత్రొకటి మాత్ర వేసుకుంటున్నారు. కడుపునొప్పేమీ లేదు. మాత్రే ఆ నొప్పినీ కప్పిపెట్టవచ్చు, చాలామందిలో పుండు ముందస్తు కబురు లేకుండానే రక్తం కారుస్తుంది. ఒకరోజు విరేచనం తారులా నల్లగా, జిగటగా, ఎన్నడూ లేని దుర్వాసనతో అయింది. పైనెక్కడో కారిన రక్తం పేగుల్లో జీర్ణమైతే వచ్చే రంగు అది. ఐరన్ మాత్రలతోనూ విరేచనం నల్లబడుతుంది గానీ ఇంత జిగురు, ఇంత వాసన ఉండవు. మర్నాడు లేచి నిలబడగానే కళ్లు తిరిగాయి, గుండె దడదడలాడింది, చెమటలు పట్టాయి. రక్తం బాగానే పోయిందనడానికి గుర్తులివి. కాఫీ పొడి కలిపినట్టుండే వాంతి గానీ, ఎర్రటి రక్తపు వాంతి గానీ అయితే ఇక తెల్లారేదాకా ఆగకూడదు. ఆసుపత్రిలో రక్తం ఎక్కించి, ఎండోస్కోపీతో పుండును చూసి, అవసరమైతే క్లిప్పు వేసి ఆపుతారు. అల్సర్‌కు కారణమయ్యే హెచ్. పైలోరీ క్రిమి ఉందేమోనని కూడా పరీక్షిస్తారు.

ఇదే మనిషికి ఏళ్ల తాగుడుతో లివర్ గట్టిపడి ఉంటే కథ మరింత ముదురుతుంది. ప్లేట్‌లెట్లు తగ్గిపోయి, రక్తం గడ్డకట్టించే పదార్థాలు చాలక, అన్నవాహికలో సిరలు ఉబ్బి ఉంటాయి. అవి చిట్లితే ఆపడం కష్టం. అలాంటివారికి ఈ తరహా నొప్పి మాత్రలు కిడ్నీలనూ దెబ్బతీస్తాయి. అందుకే సిరోసిస్ ఉన్నవారికి వైద్యులు వీటిని రాయరు.

మరి నొప్పికేం వాడాలి? కడుపు వరకూ పారాసెటమాల్ నయం. కానీ అది లివర్ మీద భారం వేస్తుంది. రోజూ తాగేవారికి చాలామంది వైద్యులు రోజుకు 2 గ్రాములకు, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగింటికి మించనివ్వరు. జలుబు మాత్రల్లోనూ అదే ఉంటుంది కాబట్టి లెక్కలో వాటినీ కలపాలి. నడుముకు, మోకాలికి పైపూత జెల్ వాడితే రక్తంలోకి చేరేది చాలా తక్కువ. ఐబుప్రొఫెన్ లాంటివి తప్పదనుకుంటే కొద్దిరోజులే, తక్కువ మోతాదులో, పాంటప్రజోల్ వంటి ఆమ్లం తగ్గించే మాత్ర తోడుగా డాక్టర్ ఇస్తారు.

గుండెకు స్టెంట్ వేసుకుని రోజూ ఆస్పిరిన్ వాడేవారు మాత్రం ఇది చదివి మాత్ర మానేయకూడదు. హఠాత్తుగా ఆపితే స్టెంట్‌లో గడ్డ కట్టవచ్చు. వారు తగ్గించుకోవలసింది మద్యాన్నే. ఎంత తాగుతున్నారో కార్డియాలజిస్ట్‌కు దాచకుండా చెబితే, కడుపుకు కాపలాగా మరో మాత్ర కావాలో వద్దో ఆయనే తేలుస్తారు.