జర్మన్ ఆఫీసులో వీడ్కోలు మాట

జర్మనీలో ఉద్యోగం మాని వెళ్లిపోయే మనిషి తోటివాళ్లకు ఇచ్చే చిన్న విందును ‘ఔస్‌ష్టాంట్’ అంటారు. కొత్తగా చేరినవాళ్లు ఇచ్చేది ‘ఐన్‌ష్టాంట్’. రెండింటిలోనూ ఖర్చు పెట్టుకునేది సన్మానం పొందే మనిషే. వెళ్లేవాళ్లే కేకులో, మధ్య కోసి వెన్నా జున్నూ పెట్టిన బ్రెడ్డు ముక్కలో, నాలుగు సీసాల పానీయాలో తెచ్చి వంటగది బల్ల మీద పెడతారు. మిగతావాళ్లు కవరు తిప్పి తలా కొంత వేసి ఒక కానుక కొంటారు, కార్డు మీద సంతకాలు చేస్తారు. ఆ కానుక చేతికిచ్చే ముందు ఎవరో ఒకరు లేచి రెండు మాటలు చెప్పాలి. శాలువా, దండ, వేదిక, వంతులవారీగా పదిమంది ఉపన్యాసాలు అక్కడ ఉండవు. అందరూ గ్లాసులు పట్టుకుని నిలబడే ఉంటారు. అందుకే ఆ ప్రసంగం నిమిషం, మహా అయితే రెండు నిమిషాలు. అంతకు మించితే వినేవాళ్ల చూపు కేకు మీదికి పోతుంది.

జర్మనీలో ఇంజనీర్లుగా, నర్సులుగా పనిచేస్తున్న తెలుగువాళ్లలో ఈ రెండు మాటలు చెప్పే వంతు ఎప్పుడో ఒకప్పుడు వచ్చేవాళ్లు ఉంటారు. రోజువారీ పని జర్మన్‌లో నెట్టుకొచ్చేవాళ్లకు కూడా ఇక్కడ కాళ్లు వణుకుతాయి. భయం మాటల కొరత వల్ల కాదు. ఏ మాట ఎంత బరువు మోస్తుందో తెలియకపోవడం వల్ల.

ముందుగా తేల్చుకోవాల్సింది పిలుపు. జర్మన్‌లో ‘డూ’ అంటే నువ్వు, ‘జీ’ అంటే మీరు. తెలుగులో వయసును బట్టి, చుట్టరికాన్ని బట్టి ‘మీరు’ దానంతటదే నోటికొస్తుంది. జర్మన్ ఆఫీసులో అది ఇద్దరి మధ్య కుదిరిన ఒప్పందం. సాధారణంగా పెద్దవాళ్లో, పై హోదాలో ఉన్నవాళ్లో ‘డూ అనుకుందాం’ అని ముందుగా అంటారు. ఒకసారి అలా కుదిరాక అరవై ఏళ్ల మనిషినైనా ‘డూ’ అనే పిలవాలి. వీడ్కోలు రోజున నలుగురూ చూస్తున్నారని గౌరవం కొద్దీ ‘జీ’కి మారితే గౌరవం పెరగదు, దూరం పెరుగుతుంది. ఇన్నాళ్లూ ‘జీ’ అన్న మనిషిని ఆ పూట ఉత్సాహంలో ‘డూ’ అనడమూ అంతే ఎబ్బెట్టు. రోజూ ఎలా పిలుస్తారో అలాగే పిలవడమే పద్ధతి.

ఇక అసలు ప్రసంగం. సబీనే అనే సహోద్యోగి వేరే కంపెనీకి వెళ్తోందనీ, ఆమెతో ‘డూ’ చనువే ఉందనీ ఊహించుకుంటే, సరిపడా ప్రసంగం ఇలా ఉంటుంది. తెలుగు లిపిలో జర్మన్ ఉచ్చారణ దగ్గరగా మాత్రమే పలుకుతుంది. ముఖ్యంగా ‘ఇష్’, ‘డిష్’ అని రాసిన చోట చివరి ధ్వని ష కంటే మెత్తగా, హకు దగ్గరగా ఉంటుంది.

‘లీబె జబీనె, లీబె కొలేగినెన్ ఉంట్ కొలేగెన్. హొయ్టె ఇస్ట్ డైన్ లెట్స్టర్ టాక్ బై ఉన్స్. ఇమ్ నామెన్ డెస్ గాంట్సెన్ టీమ్స్ మోష్టె ఇష్ మిష్ బై డీర్ బెడాంకెన్. అల్స్ ఇమ్ మెర్త్స్ డీ నొయె సాఫ్ట్‌వేర్ ఐన్‌గెఫ్యూర్ట్ వుర్డె, హాస్ట్ డూ డిష్ మిట్ యేడెమ్ ఫొన్ ఉన్స్ హిన్‌గెజెట్స్ట్, బిస్ అలెస్ లీఫ్. డాంకె ఫ్యూర్ డైనె గెడుల్ట్. డూ విర్స్ట్ ఉన్స్ ఫేలెన్. ఫ్యూర్ డైనె నొయె ఔఫ్‌గాబె వ్యున్షెన్ వీర్ డీర్ అలెస్ గూటె. ఔఫ్ డిష్!’

దీని భావం: ‘ప్రియమైన సబీనే, మిత్రులారా. ఈ రోజు మా దగ్గర నీకు ఆఖరి రోజు. మా అందరి తరఫున నీకు కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఉంది. మార్చిలో కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టినప్పుడు, అంతా సవ్యంగా నడిచేదాకా నువ్వు మాలో ఒక్కొక్కరి పక్కనా కూర్చున్నావు. నీ ఓర్పుకు ధన్యవాదాలు. నువ్వు లేని లోటు మాకు తెలుస్తుంది. నీ కొత్త బాధ్యతలో అంతా మంచే జరగాలని కోరుకుంటున్నాం. నీ పేరు మీద ఈ గ్లాసు!’

నిదానంగా చదివినా ఇది నిమిషం పట్టదు. దీనిలో బరువంతా మోసేది నాలుగో వాక్యం. మిగిలినవన్నీ ఎవరికైనా చెప్పగల మాటలే. మార్చి నెల, సాఫ్ట్‌వేర్, పక్కన కూర్చోవడం అనే మూడు వివరాలు మాత్రం ఈ ఒక్క మనిషివి. అలాంటి సంఘటన ఒకటి దొరికితే ‘ఎంతో సహృదయురాలు, ఎంతో కష్టజీవి’ అనే విశేషణాలు అక్కర్లేదు. జర్మన్ శ్రోతలకు పొగడ్త ఎక్కువైతే నమ్మకం తగ్గుతుంది. ‘అందరిలోకీ గొప్ప ఉద్యోగి’ లాంటి మాట అంటే పక్కన నిలబడ్డ మిగతావాళ్లు తమ గ్లాసుల్లోకి చూసుకుంటారు.

వ్యాకరణంలో చాలామంది జారే చోటు కృతజ్ఞత చెప్పే క్రియలోనే ఉంది. ‘డాంకెన్’ అనే క్రియకు చతుర్థి విభక్తి కావాలి. కాబట్టి ‘ఇష్ డాంకె డీర్’ అనాలి, ‘ఇష్ డాంకె డిష్’ అనకూడదు. తెలుగువాళ్లకు ఇది కష్టం కాకూడదు, ఎందుకంటే మనమూ ‘నీకు’ ధన్యవాదాలు అంటాం, ‘నిన్ను’ అనం. ‘బెడాంకెన్’ వాడితే తీరు మారుతుంది. అప్పుడు ‘మిష్’ (నన్ను) అనే ఆత్మార్థక పదం చేరాలి, ఎదుటి మనిషికి ముందు ‘బై’ (వద్ద) అనే పదం రావాలి. ప్రసంగంలోని మూడో వాక్యం ఈ రెండో తీరులో ఉంది. రెండు తీరులనూ కలిపి ‘ఇష్ బెడాంకె డిష్’ అంటే భావం అర్థమవుతుంది గానీ తప్పు వెంటనే చెవికి తగులుతుంది. గుర్తుండదనుకుంటే ‘డాంకె ఫ్యూర్’ అని మొదలుపెట్టి దేనికో చెబితే చాలు.

‘డూ విర్స్ట్ ఉన్స్ ఫేలెన్’ అనే వాక్యం మాత్రం తెలుగువాళ్లకు చుట్టమే. ఇంగ్లీషులో వెళ్లిన మనిషిని తలుచుకుని బాధపడేది ఉండిపోయినవాళ్లు, కాబట్టి వాళ్లే కర్త. జర్మన్‌లో కర్త వెళ్లే మనిషి. ‘ఫేలెన్’ అంటే లేకపోవడం, కొరతపడటం. లోటు పడేది ‘మాకు’, అంటే మళ్లీ చతుర్థే. తెలుగులో ‘నువ్వు లేని లోటు మాకు’ అన్నట్టే ఉంటుంది. ఇంగ్లీషు మీదుగా ఆలోచించేవాళ్లు ‘వీర్ వెర్డెన్ డిష్ ఫెర్మిసెన్’ అంటారు. అది తప్పు కాదు, కానీ పార్టీలో జర్మన్లు ఎక్కువగా అనేది మొదటిదే. తెలుగులో ఆలోచించి మాట్లాడితే ఇక్కడ ఇంగ్లీషు కంటే దగ్గరి దారి దొరుకుతుంది.

సబీనే ‘జీ’ మనిషైతే ప్రసంగం అంతా మార్చాలి, ఒక్క చోట మరిచినా బయటపడుతుంది. పిలుపులో పేరుకు బదులు ‘లీబె ఫ్రౌ’ అని ఇంటిపేరు వస్తుంది. ‘హాస్ట్ డూ డిష్’ కాస్తా ‘హాబెన్ జీ జిష్’ అవుతుంది. ‘డీర్’ ఉన్న చోటల్లా ‘ఈనెన్’, ‘డైన్, డైనె’ ఉన్న చోట ‘ఈర్, ఈరె’ రావాలి. లోటు వాక్యం ‘జీ వెర్డెన్ ఉన్స్ ఫేలెన్’, ఆఖరి మాట ‘ఔఫ్ జీ’. కాగితం మీద రాసుకుని చూసి చదవడం అక్కడ నామోషీ కాదు.

విదేశీయులకు అసలు కనిపించని గుంట మరొకటి ఉంది. జర్మనీలో ఉద్యోగం వదిలేవాళ్లకు యజమాని రాతపూర్వకంగా ‘ఆర్బైట్స్‌త్సొయ్గ్నిస్’ అనే పని ధ్రువపత్రం ఇవ్వాలి. అది ఉద్యోగికి ఉన్న చట్టబద్ధమైన హక్కు. పత్రంలో దాపరికపు సంకేతాలు ఉండకూడదని చట్టమే చెబుతుంది. మరోపక్క కోర్టులు అది ఉద్యోగి భవిష్యత్తుకు అడ్డం పడని సానుకూల ధోరణిలో ఉండాలంటాయి. అందరి గురించీ మంచిగానే రాయాల్సి రావడంతో మంచి మాటల్లోనే మార్కులు పుట్టుకొచ్చాయి. ‘ఎల్లప్పుడూ మాకు అత్యంత సంపూర్ణ సంతృప్తి కలిగేలా’ పనిచేశారంటే మొదటి శ్రేణి. ‘ఎల్లప్పుడూ’ లేకుండా ‘మాకు పూర్తి సంతృప్తి కలిగేలా’ అంటే సగటు. ‘జీ హాట్ జిష్ బెమ్యూట్’, అంటే ‘ఆమె ప్రయత్నించారు’ అని ఉంటే పని చేతకాలేదనే అర్థం.

ఈ సంకేతభాష ఆఫీసుల్లో పనిచేసే జర్మన్లకు బాగా తెలుసు. అందుకే వీడ్కోలు మాటల్లో మనస్ఫూర్తిగానే ‘డూ హాస్ట్ డిష్ ఇమర్ బెమ్యూట్’ (నువ్వు ఎప్పుడూ ఎంతో ప్రయత్నించావు) అంటే గదిలో ఒక క్షణం మౌనం, తర్వాత ఒకరిద్దరి ముసిముసి నవ్వు ఖాయం. ‘గెజెలిష్’, అంటే నలుగురితో సరదాగా కలిసిపోయే మనిషి అనే మాట కూడా అలాంటిదే. ధ్రువపత్రంలో ఆ సరదాతనం ఆఫీసు వాతావరణానికి మేలు చేసిందని రాస్తే, మనిషికి మద్యం అలవాటుందని చదువుకోవడం పాత వాడుక. సహాయం చేసింది, నేర్పింది, కాపాడింది లాంటి సూటి క్రియలు వాడితే ఈ గొడవ ఉండదు.

అదే పత్రం చివర కృతజ్ఞత, విచారం, శుభాకాంక్ష కలిపి ఒక వాక్యం రాయడం ఆనవాయితీ. దాన్ని చట్టం మీద అడిగి తీసుకునే హక్కు ఉద్యోగికి లేదని జర్మనీ అత్యున్నత కార్మిక న్యాయస్థానం 2012లో చెప్పింది. ప్రసంగంలోని చివరి వాక్యాలు చేసే పనీ దాదాపు అదే, కాకపోతే ఇక్కడ అవి కోర్టు ప్రమేయం లేకుండా నోటితో వస్తాయి.

శుభాకాంక్ష రాసే ముందు మనిషి ఎందుకు వెళ్తోందో తెలుసుకోవాలి. ‘కొత్త బాధ్యత’ అనేది వేరే ఉద్యోగానికి వెళ్లేవాళ్లకే సరిపోతుంది. పదవీ విరమణ అయితే ‘ఫ్యూర్ డైనెన్ రూయెష్టాంట్’ (నీ విశ్రాంత జీవితానికి) అనాలి. గడువు ఒప్పందం పొడిగించక వెళ్తున్నా, కంపెనీ తీసేసినా ‘ఫ్యూర్ డైనె త్సూకున్‌ఫ్ట్’ (నీ భవిష్యత్తుకు) అంటే ఎవరికీ గుచ్చుకోదు. అలాంటి సందర్భంలో ‘ఇక హాయిగా నిద్రపోవచ్చు’ లాంటి హాస్యం అస్సలు పనికిరాదు. కారణం అందరికీ చెప్పవచ్చా అని వెళ్లే మనిషినే ముందురోజు అడగడం మంచిది.

‘ఔఫ్ డిష్’ అనగానే గ్లాసు ఎత్తాలి. గ్లాసులు తాకించేటప్పుడు ఎదుటివాళ్ల కళ్లలోకి చూడటం జర్మన్ల పట్టింపు, చూపు తప్పించడం అమర్యాద. గ్లాసులో ఏముందో ఎవరూ పట్టించుకోరు. మద్యం తాగనివాళ్లు ఆపిల్ రసంలో సోడా కలిపిన ‘ఆప్ఫెల్‌షోర్లె’ పట్టుకుంటారు. తర్వాత కార్డూ కానుకా చేతికిస్తారు, వెళ్లే మనిషి బదులుగా రెండు మాటలు చెబుతుంది, ఆ పైన తను తెచ్చిన కేకును తనే కోస్తుంది.