రెండేళ్ల నిబంధన ఎక్కడ జారిపోతోంది?

కలెక్టర్ చాంబర్‌లో సాధారణంగా గోడ మీద ఒక బోర్డు ఉంటుంది. ఇంతవరకూ ఆ జిల్లాలో పనిచేసిన కలెక్టర్ల పేర్లు, వచ్చిన తేదీ, వెళ్లిన తేదీ వరసగా రాసి ఉంటాయి. పేర్లు వదిలేసి తేదీలు చూడండి. ఏడాదైనా నిండని వరసలు ఎన్ని ఉన్నాయో లెక్కపెడితే ఆ జిల్లా పాలన సంగతి సగం తెలిసిపోతుంది. ఐఏఎస్ అధికారుల కెరీర్‌లను పరిశీలించిన ఆర్థికవేత్తలు లక్ష్మీ అయ్యర్, ఆనంది మణి ఒక పోస్టులో సగటున ఉండేది దాదాపు 16 నెలలేనని తేల్చారు. ముఖ్యమంత్రి మారినప్పుడు బదిలీలు పెరుగుతాయని కూడా వాళ్ల అధ్యయనం చూపింది.

పదహారు నెలల్లో ఏం తెలుస్తుంది? ధాన్యం కొనుగోళ్లనే తీసుకోండి. మొదటి సీజన్‌లో కొత్త కలెక్టర్‌కు ఏ మండలంలో గోనె సంచుల కొరత వస్తుందో, ఏ మిల్లర్ దగ్గర లారీలు రోజుల తరబడి నిలబడతాయో అర్థమవుతుంది. సరిదిద్దేది రెండో సీజన్‌లో. అప్పటికి ఆయన ఉండకపోతే వచ్చినాయన మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. కింది సిబ్బందికి ఇది బాగా తెలుసు. "ఈయన ఎన్నాళ్లుంటారులే" అనుకున్న రోజు నుంచి ఫైలు నెమ్మదిస్తుంది. నష్టపోయేది అధికారి కాదు, కళ్లంలో ధాన్యం పోసుకుని కూర్చున్న రైతు.

బదిలీ ఇంత సులువు కావడానికి కారణం చట్టంలోనే ఉంది. అధికారిని తొలగించాలన్నా, హోదా తగ్గించాలన్నా రాజ్యాంగంలోని 311వ అధికరణం ప్రకారం అభియోగాలు చెప్పాలి, విచారణ జరపాలి. బదిలీ మాత్రం శిక్ష కింద లెక్కలోకి రాదు. జీతం అదే, హోదా అదే. "జీఏడీలో రిపోర్టు చేయాలి" అన్న ఒక్క వాక్యం చాలు. ఆ తర్వాత నెలల తరబడి పోస్టింగ్ ఇవ్వకపోవచ్చు, లేదా లూప్‌లైన్‌లో పడేయవచ్చు. హర్యానాలో అశోక్ ఖేమ్కా తన ముప్ఫై నాలుగేళ్ల సర్వీసులో 57 బదిలీలు చూసి 2025లో రిటైరయ్యారు.

ఈ పరిస్థితి మీద మాజీ కేబినెట్ కార్యదర్శి టీఎస్ఆర్ సుబ్రమణియన్, మరికొందరు విశ్రాంత అధికారులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2013 అక్టోబర్ 31న తీర్పు వచ్చింది. కనీస కాలపరిమితి పెట్టాలని, ప్రతి రాష్ట్రంలో సివిల్ సర్వీసెస్ బోర్డు ఉండాలని, నోటిమాట ఆదేశాలను అధికారులు కాగితం మీద నమోదు చేయాలని కోర్టు చెప్పింది. 2014 జనవరిలో కేంద్రం ఐఏఎస్ కేడర్ నిబంధనలను సవరించి కనీసం రెండేళ్లు అని రాసింది.

ఆ నిబంధన ప్రకారం ఏం జరగాలో చూద్దాం. ఒక కలెక్టర్ వచ్చి ఎనిమిది నెలలైంది. ఇసుక తవ్వకాలు ఆపించారు, ఎమ్మెల్యేకు కోపం వచ్చింది, ఆయన్ను మార్చాలన్నారు. అప్పుడు కారణాలతో ప్రతిపాదన ప్రధాన కార్యదర్శి అధ్యక్షుడిగా ఉన్న బోర్డుకు వెళ్లాలి. బోర్డు ఆ కారణాలను పరిశీలించాలి, సందర్భాన్ని బట్టి కలెక్టర్ వాదన కూడా తెలుసుకోవాలి. సంతృప్తి కలిగితేనే ముందస్తు బదిలీకి సిఫార్సు చేయాలి. బోర్డు మాట ముఖ్యమంత్రికి నచ్చకపోతే కాదనవచ్చు, కానీ ఎందుకు కాదన్నారో రాయాలి.

జారిపోయేది ఇక్కడే. రాసిన కారణం ఫైల్లోనే ఉండిపోతుంది. జీవోలో కనిపించేది "పరిపాలనా కారణాల రీత్యా" అన్న మాటే. పైగా బోర్డులో కూర్చున్నవాళ్ల కుర్చీలూ ముఖ్యమంత్రి చేతిలోనివే. 2019 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రధాన కార్యదర్శి ఎల్వీ సుబ్రహ్మణ్యాన్ని, రిటైర్మెంట్‌కు ఇంకా నెలలు ఉండగానే, బాపట్లలోని మానవ వనరుల అభివృద్ధి సంస్థకు బదిలీ చేశారు. ఆయన షోకాజ్ నోటీసు ఇచ్చిన అధికారి సంతకంతోనే ఆ ఉత్తర్వు వెలువడింది. ప్రధాన కార్యదర్శికే లేని భద్రతతో ఆ స్థానంలో కూర్చున్నవారు ఒక కలెక్టర్ కోసం ఎంత గట్టిగా నిలబడగలరు?

అలాగని బదిలీ అధికారాన్ని ప్రభుత్వం చేతిలోంచి లాగేయాలని నేను అనను. ఓటడిగి గెలిచినవాళ్లు జనానికి జవాబు చెప్పాలి. పనిచేయని అధికారిని, అవినీతిపరుడిని రెండేళ్లు భరించమంటే నిబంధన అతనికే గొడుగవుతుంది. మార్చండి, కానీ ముందస్తు బదిలీ జీవోతోపాటే బోర్డు అభిప్రాయాన్నీ, దాన్ని కాదని ఉంటే ఆ కారణాన్నీ బయటపెట్టండి. ఇసుక సంగతి చెప్పలేని ప్రభుత్వం వేరే కారణం రాయవచ్చు. అయినా రాసింది అబద్ధమైతే జిల్లాలో అందరికీ తెలుస్తుంది, శాసనసభలో నిలదీయడానికి ప్రతిపక్షానికి ఒక కాగితం దొరుకుతుంది. ఇప్పుడైతే అధికారికి మిగిలింది క్యాట్‌లో కేసు వేయడమే. ఇంకా ఇరవై ఏళ్లు అదే ప్రభుత్వం కింద పనిచేయాల్సినవారు ఆ గడప తొక్కడానికి పది సార్లు ఆలోచిస్తారు.