నెలల తరబడి మాత్ర, మొదటి రోజు సూది

ఒకే ప్రసవ వార్డులో పక్కపక్కన రెండు మంచాలు అనుకుందాం. ఒక తల్లికి హెచ్‌ఐవి ఉంది, పక్క మంచం తల్లికి హెపటైటిస్ బి. రెండూ రక్తం ద్వారా సోకేవే, రెండూ తల్లి నుంచి బిడ్డకు చేరేవే. గర్భిణికి మొదటిసారి రక్తం తీసినప్పుడే రెండు పరీక్షలూ చేస్తారు కాబట్టి ఇంట్లో వాళ్లు రెండింటినీ ఒకే గాటన కట్టేస్తారు. కానీ మొదటి మంచం మీది బిడ్డను కాపాడే పని నెలల క్రితమే మొదలై ఉండాలి. రెండో మంచం మీది బిడ్డకు అసలు పని ఈ రోజే, ఇంకొన్ని గంటల్లోనే జరగాలి.

మొదటి తల్లి సంగతి చూద్దాం. ఆమెకు మూడో నెలలో హెచ్‌ఐవి ఉన్నట్టు తేలింది. ఏఆర్‌టీ కేంద్రంలో రోజుకొక మాత్ర ఇచ్చారు. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అనే మూడు మందులు ఆ ఒక్క మాత్రలోనే ఉంటాయి. ఒకప్పుడు మన దగ్గర నొప్పులు మొదలయ్యాక తల్లికి ఒక నెవిరాపిన్ మాత్ర, పుట్టగానే బిడ్డకు ఒక మోతాదు సిరప్ ఇచ్చి సరిపెట్టేవారు. 2014 నుంచి పద్ధతి మారింది. హెచ్‌ఐవి ఉన్న ప్రతి గర్భిణికీ వెంటనే మందులు మొదలుపెడతారు, జీవితాంతం కొనసాగిస్తారు. ఏ మందూ లేకపోతే, పాలిచ్చే కాలాన్ని కూడా కలుపుకుంటే, నూటికి 15 నుంచి 45 మంది బిడ్డలకు సోకే ప్రమాదం ఉంటుంది. తల్లి రక్తంలో వైరస్ కనబడనంతగా తగ్గిపోతే అది నూటికి ఒకటి రెండుకు పడిపోతుంది. అంటే బిడ్డను కాపాడేది ప్రధానంగా తల్లి మింగే మాత్రే.

అది తగ్గిందో లేదో తెలిసేది వైరల్ లోడ్ పరీక్షలో. దాన్ని 32 నుంచి 36 వారాల మధ్య చేస్తారు. మిల్లీలీటరుకు వెయ్యి కంటే తక్కువ వస్తే బిడ్డకు ముప్పు తక్కువని లెక్క. అలాంటి బిడ్డకు ఆరు వారాల పాటు ఒకే మందు, సాధారణంగా నెవిరాపిన్ సిరప్ పడతారు. వెయ్యి దాటినా, పరీక్షే జరగకపోయినా, నొప్పులతో వచ్చినప్పుడే హెచ్‌ఐవి బయటపడినా ముప్పు ఎక్కువ. అప్పుడు బిడ్డకు రెండు మందులు ఇస్తారు, తల్లి పాలు తాగుతుంటే పన్నెండు వారాలు.

మన కథలోని బిడ్డ బరువు 2.7 కిలోలు. తల్లి వైరల్ లోడ్ కనబడనంత తక్కువ. సిరప్‌లో మిల్లీలీటరుకు పది మిల్లీగ్రాముల మందు ఉంటుంది. పుట్టినప్పుడు రెండున్నర కిలోలు, ఆపైన ఉన్న బిడ్డకు రోజుకొకసారి ఒకటిన్నర మిల్లీలీటర్లు. స్టాఫ్ నర్సు సూది లేని సిరంజిలోకి గీత వరకు మందు లాగి, బుడగ పోయేలా తట్టి, బిడ్డ బుగ్గ లోపలి వైపు మెల్లగా వదిలింది. తర్వాత సిరంజిని తల్లి చేతికిచ్చి, “ఇప్పుడు నువ్వు పట్టమ్మా, నేను చూస్తాను” అంది. చెంచా లెక్కన పడితే మోతాదు తప్పుతుంది. అందుకే సిరంజి మీద ఆ గీతను తల్లి కళ్లారా చూసి గుర్తుపెట్టుకోవాలి.

ఇక్కడే మన ఆచారం ఒకటి అడ్డం పడుతుంది. ఏడో నెలలో సీమంతం చేసి పుట్టింటికి పంపుతాం. అత్తగారి ఊళ్లో ఏఆర్‌టీ కేంద్రం, పుట్టింట్లో కాన్పు. మాత్రల డబ్బా అయిపోతే ఎవరితో చెప్పాలో తెలియక ఆ అమ్మాయి మానేస్తుంది. పది రోజులు, ఇరవై రోజులు గడిచేసరికి అణిగిన వైరస్ మళ్లీ లేస్తుంది, సరిగ్గా కాన్పు వేళకు. నన్నడిగితే ఈ ఏర్పాటు మొత్తంలో అతి బలహీనమైన చోటు ఇదే. బయల్దేరే ముందే కేంద్రంలో చెబితే ఎక్కువ రోజుల మందులు ఇవ్వడమో, పుట్టింటి దగ్గరి కేంద్రానికి చీటీ రాసివ్వడమో చేస్తారు. ఆమె అనుమతి లేకుండా ఆ సంగతి ఎవరికీ చెప్పకూడదని 2017 చట్టం చెబుతోంది. అది అత్తగారికైనా వర్తిస్తుంది.

పాల విషయంలోనూ గందరగోళం ఉంది. మాత్ర తప్పకుండా వేసుకునే తల్లి ఆరు నెలల వరకు తన పాలే పట్టవచ్చు. చెరుపు చేసేది తల్లిపాలతో పాటు తేనె నాకించడం, ఆముదం పట్టడం, మధ్యమధ్య డబ్బా పాలు కలపడం. పసిబిడ్డ పేగు లోపలి పొర లేతగా ఉంటుంది. బయటి ఆహారంతో అది ఒరుసుకుపోతే వైరస్‌కు దారి దొరుకుతుంది.

ఆరు వారాలకు బిడ్డ మడమ మీద చిన్నగా గుచ్చి, ప్రత్యేకమైన కాగితం మీది వలయాల్లో ఒక్కో చుక్క రక్తం నింపి, ఆరబెట్టి పంపుతారు. మామూలు హెచ్‌ఐవి పరీక్ష యాంటీబాడీలను వెతుకుతుంది. తల్లి యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డలోకి వచ్చి నెలల తరబడి ఉంటాయి కాబట్టి, ఆ పరీక్షలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన బిడ్డకు సోకినట్టు కాదు. ఎండిన చుక్కలో వెతికేది వైరస్ జన్యుపదార్థాన్ని. దాన్నే ఆరు నెలలకు, ఏడాదికి మళ్లీ చూస్తారు. చివరి మాట పద్దెనిమిది నెలల పరీక్షది.

ఇక రెండో మంచం. హెపటైటిస్ బి ఎక్కువగా సోకేది కాన్పు సమయంలో, తల్లి రక్తం, స్రావాలు బిడ్డకు తగిలినప్పుడు. పెద్దయ్యాక సోకితే నూటికి తొంభై అయిదు మందికి పైగా శరీరమే దాన్ని వదిలించుకుంటుంది. పుట్టుకలో సోకితే లెక్క తిరగబడుతుంది. పదిమందిలో తొమ్మిదిమందికి అది జీవితాంతం నిలిచిపోయి, దశాబ్దాల తర్వాత లివర్ గట్టిపడటం, క్యాన్సర్ రూపంలో బయటపడుతుంది.

తగిలిపోయాక టీకా ఎలా ఆపుతుంది? కుక్క కరిచాక రేబిస్ టీకా వేయించుకున్నట్టే ఇదీ. ఈ వైరస్ నెమ్మదిగా పెరుగుతుంది, ఆ వ్యవధిలో టీకా ముందుకు దూకుతుంది. అందుకే మొదటి డోసు 24 గంటల్లోపు పడాలి, తొందరగా పడితే అంత మేలు. ఒక తొడలో అర మిల్లీలీటరు టీకా, రెండో తొడలో ఇమ్యునోగ్లోబులిన్. రెండోది సిద్ధంగా తయారైన యాంటీబాడీ, వీలైతే పన్నెండు గంటల్లోపే ఇవ్వాలి. అది దొరకని చోట టీకాను మాత్రం ఆపకూడదు. ఆ తర్వాత 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్‌లో మిగతా డోసులు వస్తాయి. వైరస్ మరీ ఎక్కువగా ఉన్న తల్లుల బిడ్డల్లో కొందరికి ఇవన్నీ వేసినా సోకుతుంది. అందుకే అలాంటి తల్లికి 28వ వారం నుంచే టెనోఫోవిర్ ఇస్తారు. మొదటి మంచం తల్లి మాత్రలో ఉన్న మందే అది.

దేశీయంగా తయారైన తొలి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకా మన హైదరాబాద్‌దే. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో దాన్ని తెచ్చింది. ఇప్పుడు ఆ టీకాకు కొరత కాదు, గంటలే అడ్డు. ప్రభుత్వ సరఫరాలో ఒక్కో సీసాలో పది డోసులు ఉంటాయి. ఆదివారం రాత్రి పుట్టిన ఒక్క బిడ్డ కోసం సీసా తెరవాలా అని సిబ్బంది వెనకాడతారు. నిజానికి సరైన చల్లదనంలో ఉంచితే తెరిచిన సీసాను 28 రోజుల వరకు వాడవచ్చు. ఇంకో చిక్కు గడ్డకట్టడం. ఫ్రిజ్‌లో ఐసు అంచుకు ఆనుకుని గడ్డకట్టి కరిగిన టీకా పైకి మామూలుగానే కనబడుతుంది, కానీ పనిచేయదు.

ఈ బిడ్డకు తొమ్మిది నెలలు నిండాక హెచ్‌బీఎస్‌ఏజీ, దాంతో పాటు రక్షణ స్థాయి పరీక్ష చేస్తారు. అంతకంటే ముందు చేస్తే టీకా, ఇమ్యునోగ్లోబులిన్ వల్లే తప్పుడు ఫలితం రావచ్చు. నర్సు డిశ్చార్జి చీటీ మీద టీకా వేసిన తేదీతో పాటు సమయం కూడా రాసింది: ఉదయం 6.40, పుట్టిన రెండు గంటలకు. రాస్తూనే అడిగింది, “పెద్దవాడు పుట్టినప్పుడు నీకు ఈ పరీక్ష చేశారా అమ్మా?” ఆ తల్లికి గుర్తులేదు. నాలుగేళ్ల ఆ పిల్లవాడు గుమ్మం దగ్గర నాన్న వేలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. మరుసటి రోజు ల్యాబులో తండ్రికీ కొడుక్కీ రక్తం తీశారు.