చట్నీ ఎన్నింటికి రుబ్బాలి?

మన దేశంలో శబ్ద కాలుష్య నిబంధనలు 2000లో వచ్చాయి. వాటి లెక్కలో రాత్రంటే 10 గంటల నుంచి ఉదయం 6 దాకా. ఆ వేళ నివాస ప్రాంతాల్లో చప్పుడు 45 డెసిబెల్స్ దాటకూడదు, పగలైతే 55 వరకు ఉండొచ్చు. తెల్లవారి 5 గంటలకు నడుం వాల్చేవాడికి ఈ చట్టం ఒక్క గంట కాపలా కాసి వెళ్లిపోతుంది. మిగతా నిద్రంతా పక్క గదిలో ఉన్నవాడి చేతుల్లోనే. అద్దె, కరెంటు బిల్లు చెరిసగం వేసుకున్నంత తేలిగ్గా నిద్ర సంగతి తేలదు.

హైదరాబాద్‌లో తరచూ కనిపించే ఏర్పాటు ఒకటి తీసుకుందాం. కొండాపూర్‌లో రెండు పడకగదుల ఫ్లాట్. ఒకడిది కర్నూలు, అమెరికా క్లయింట్ పని. షిఫ్ట్ సాయంత్రం 6:30 నుంచి తెల్లవారుజామున 3:30 వరకు. క్యాబ్ దింపేసరికి 4:15. స్నానం చేసి, ఏదో ఇంత తిని, 5కి పడుకుంటాడు. మధ్యాహ్నం 12:30 దాకా పడుకోవాలని ఆశ. ఇంకొకడిది పాలకొల్లు, పగటి ఉద్యోగం. 7కి లేచి, వంట చేసుకుని, 9:30కి బయల్దేరతాడు. వారంలో రెండు రోజులు ఇంటి నుంచే పని. పనావిడ 9కి వస్తుంది.

కర్నూలు కుర్రాడు మొదట అడిగేది దాదాపు ఎప్పుడూ ఒకటే: "పొద్దున్న కాస్త చప్పుడు చెయ్యకుండా చూస్కోరా." ఆ 'కాస్త' ఎంతో ఎవరికీ తెలియదు. పాలకొల్లు అబ్బాయి తన ఇంట్లో తనే మునివేళ్ల మీద నడుస్తాడు. వారం గడిచేసరికి విసుగొస్తుంది. మూడోవారం మిక్సీ మూత మామూలు కంటే గట్టిగానే పడుతుంది. ఏడున్నర గంటల నిశ్శబ్దం అడిగితే ఎవరూ ఇవ్వలేరు, అడగడం కూడా న్యాయం కాదు. నాలుగు గంటలు అడిగితే ఇవ్వొచ్చు. అయితే ఏ నాలుగు గంటలన్నదే అసలు లెక్క.

పడుకోగానే ఎక్కువ నిశ్శబ్దం కావాలని అనుకుంటాం. కునుకు పట్టేదాకా, అంటే మొదటి అరగంట, అది నిజమే. తర్వాత వచ్చే గాఢనిద్ర చాలావరకు మొదటి రెండు మూడు గంటల్లోనే ఉంటుంది. రాత్రంతా మేలుకున్న ఒళ్లు కాబట్టి ఆ సమయంలో చిన్నాచితకా చప్పుళ్లకు లేవదు. ఆపైన నిద్ర పల్చబడుతుంది. అదే సమయానికి బయట ఎండెక్కుతుంది, ఒంట్లో వేడి పెరుగుతుంది, లోపలి గడియారం 'పగలైంది, లే' అంటుంది. రాత్రి నిద్రలో 2 గంటలకు మెలకువ వస్తే మళ్లీ కునుకు పడుతుంది. పగలు 10 గంటలకు మెలకువ వస్తే ఆ రోజుకి అంతే, పక్క మీద దొర్లడమే మిగులుతుంది. ఈ కుర్రాడి విషయంలో 5 నుంచి 8 వరకు నిద్ర తనను తాను కాచుకుంటుంది. కాపలా కావాల్సింది 8 నుంచి 12 వరకు. ఇల్లు గోల చేసేది కూడా సరిగ్గా అప్పుడే.

అందుకని పూర్తి నిశ్శబ్దం ఆ నాలుగు గంటలకే పెట్టుకోవాలి. అంతకు ముందు, తర్వాత మామూలు అలికిడి పరవాలేదు: కుళాయి, గిన్నెలు, తక్కువ గొంతుతో మాటలు. మిక్సీ చప్పుడు దగ్గర్లో 80 డెసిబెల్స్ దాటుతుంది, దానికి 7:30 కూడా మంచి ముహూర్తం కాదు. చట్నీ ముందు రోజు రాత్రి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. సాయంత్రం 6 నుంచి 10 దాకా కర్నూలు కుర్రాడు ఇంట్లోనే ఉండడు కాబట్టి మిక్సీకి, వాషింగ్ మెషిన్‌కి, స్నేహితులకి అదే సమయం. కుక్కర్ 8 లోపు దించేయాలి, లేదంటే ఎలక్ట్రిక్ కుక్కర్‌లో అన్నం పెట్టుకోవాలి. నిద్రను చెడగొట్టేది ఎడతెగని హోరు కంటే ఉన్నట్టుండి వచ్చే చప్పుడే. ఫ్యాన్ రొదలో హాయిగా పడుకున్నవాడు ఒక్క విజిల్‌కి ఉలిక్కిపడి లేచేది అందుకే.

పనావిడను మధ్యాహ్నం 1కి మార్చుకోగలిగితే సగం సమస్య తీరినట్టే. కుదరకపోతే తాళంచెవి ఒకటి ఆమెకిచ్చి, ఆ పూట వంటగది, హాలు మాత్రమే చేయమనాలి. 8 నుంచి కాలింగ్ బెల్ స్విచ్ కట్టేయాలి. గ్యాస్ బుకింగ్‌లో, ఆర్డర్లలో పాలకొల్లు అబ్బాయి నంబరుండాలి. కోడ్ అడగడానికి బండబ్బాయి నిద్రపోయేవాడికి ఫోన్ చేయకూడదు కదా. ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో మీటింగులు తన గదిలో, తలుపేసుకుని, ఇయర్‌ఫోన్స్‌తో.

బదులుగా కర్నూలు కుర్రాడు ఏమివ్వాలి? ఇతను తాళం తీసే 4:15కి పాలకొల్లు అబ్బాయి నిద్ర కూడా పల్చటి దశలోనే ఉంటుంది. అందుకని చెప్పులు గుమ్మం బయటే వదలాలి, ఓవెన్ కూత పెట్టకముందే ఆపాలి, వీడియోలు చూస్తే చెవుల్లో పెట్టుకుని చూడాలి. మందపాటి కర్టెన్, ఇయర్‌ప్లగ్స్, తలుపు కింద సందుకి రబ్బరు పట్టీ కూడా అతని ఖర్చే. ఇయర్‌ప్లగ్స్ విజిల్ లాంటి సన్నటి చప్పుడును బాగానే ఆపుతాయి, నీళ్ల మోటార్ లాంటి బరువైన మోతను అంతగా ఆపలేవు.

ఇక వారాంతం. అమెరికాలో శుక్రవారం పని మనకు శనివారం తెల్లవారుజామున ముగుస్తుంది. పాలకొల్లు అబ్బాయికి సెలవు మొదలయ్యే పొద్దున కర్నూలు కుర్రాడికి వారంలో చివరి పగటి నిద్ర. కాబట్టి ఒప్పందం సోమవారం నుంచి శుక్రవారం దాకా కాదు, మంగళవారం నుంచి శనివారం దాకా. చుట్టాలను, క్రికెట్ మ్యాచ్‌ను ఆదివారం పిలవాలి, శనివారమైతే 12 తర్వాత.

మాట్లాడుకోవాల్సింది నిద్ర చెడిన పొద్దున కాదు. సాయంత్రం 4 గంటలకు ఇద్దరూ ఇంట్లో ఉన్న రోజు చూసుకుని, టీ తాగుతూ మాట్లాడుకోవాలి.

"ఎనిమిది నుంచి పన్నెండు. అంతే అడుగుతున్నా మామా."

"సరే. మరి నువ్వు నాలుగింటికొచ్చి గీజర్ వేసి గంట స్నానం చేస్తావు, అదేంటి?"

"పడుకునే ముందు పోసుకుంటే గానీ నిద్ర పట్టదురా. పది నిమిషాల్లో ముగిస్తా."

తేలింది ఇద్దరికీ వాట్సాప్‌లో నాలుగు లైన్లుగా ఉంటే చాలు.

తర్వాత ఒక వారం పాటు కర్నూలు కుర్రాడు ఎన్నింటికి మెలకువ వచ్చిందో, దేనివల్ల వచ్చిందో ఫోన్లో రాసుకోవాలి. ఒకరోజు 9:10, బెల్. ఇంకోరోజు 8:20, కుక్కర్ అని ఉంటే ఒప్పందంలో ఎక్కడో సందుంది. రోజూ 11 ప్రాంతంలో, ఇల్లు ఖాళీగా ఉన్నా మెలకువ వస్తోందంటే అది వెలుతురో, ఒంట్లోని గడియారమో. రూమ్మేట్ పాపం లేదు. చాలామందికి పగటి నిద్ర రాత్రి నిద్ర కంటే గంటో రెండు గంటలో తక్కువే పడుతుంది, నిశ్శబ్దం దాన్ని పూర్తిగా పూడ్చదు. ఆ లోటుకి షిఫ్ట్‌కి వెళ్లేముందు ఒక కునుకు తీయడం మేలు.

నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో గడియారం గంట వెనక్కి వెళ్తుంది. ఇక్కడ షిఫ్ట్ 7:30కి మొదలై 4:30కి ముగుస్తుంది, నిద్ర 6కి, నిశ్శబ్దం 9 నుంచి 1 వరకు. అప్పుడు పాలకొల్లు అబ్బాయికి పొద్దున్న ఇంకో గంట దొరుకుతుంది, కుక్కర్ 9 లోపు దించితే చాలు. మార్చి రెండో ఆదివారం మళ్లీ పాత వేళలే. ఆసుపత్రి నర్సుల్లా వారం వారం డ్యూటీ మారేవాళ్లకు గడియారం పట్టుకుని రాసుకున్న ఒప్పందం పనికిరాదు. 'పడుకున్న మూడు గంటల తర్వాత నుంచి నాలుగు గంటలు' అని రాసుకుని, ఆ వారం రోస్టర్‌ను ఫ్రిజ్ తలుపుకి అంటించాలి.