సర్క్యూట్ బ్రేకర్

2020 మార్చి 13న స్టాక్ మార్కెట్ తెరిచిన కొద్ది నిమిషాలకే నిఫ్టీ 10 శాతం పడిపోయింది. వెంటనే దేశమంతటా షేర్ల ట్రేడింగ్ 45 నిమిషాలు ఆగింది. తిరిగి తెరిచాక కొనుగోళ్లు ఊపందుకుని, సాయంత్రానికి సెన్సెక్స్ 1,300 పాయింట్లకు పైగా లాభంతో ముగిసింది. పది రోజులకు, మార్చి 23న, మళ్లీ అలాగే ఆపారు. ఈసారి విరామం తర్వాతా పతనం ఆగలేదు, సెన్సెక్స్ 13 శాతం నష్టపోయింది. అంటే ఈ విరామం భయంతో అమ్మేవాళ్లకు ఆలోచించుకునే వ్యవధి ఇస్తుందే తప్ప పతనాన్ని ఆపుతుందన్న హామీ లేదు.

సూచీ 10, 15, 20 శాతం కదిలితే, పెరిగినా తగ్గినా, సెబీ నిబంధన ప్రకారం మార్కెట్ ఆగుతుంది. ఎంతసేపన్నది సమయాన్ని బట్టి ఉంటుంది. 20 శాతం దాటితే ఆ రోజుకు ఇక మూతే.

విడి షేర్లకు ధరల పరిమితి వేరు. చిన్న మదుపరికి అసలు ఇబ్బంది ఇక్కడే. 5 శాతం పరిమితి ఉన్న 100 రూపాయల షేరు ఆ రోజు 95 కంటే దిగదు, అక్కడే ముగిస్తే మర్నాడు 90.25 కంటే దిగదు. ట్రేడింగ్ ఆగదు గానీ, స్క్రీన్ మీద అమ్మకపు ఆర్డర్లు లక్షల్లో, కొనేవైపు సున్నా కనిపిస్తుంది. దీన్నే లోయర్ సర్క్యూట్ అంటారు. అప్పుడు స్టాప్‌లాస్ పెట్టుకున్నా అమ్ముడుపోదు. ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఉన్న పెద్ద షేర్లకు ఇలాంటి స్థిరమైన హద్దు ఉండదు. అందుకే షేరు కొనేముందే దాని పరిమితి ఎంతో ఎక్స్ఛేంజ్ వెబ్‌సైట్‌లో చూసుకోవాలి.