వ్యాపార చక్రం – రంగాల భ్రమణం: ఆటోనగర్ నుంచి ఒక పరిశీలన

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీ కట్టే షెడ్ల సందడి ఆర్థిక వ్యవస్థ స్థితిని చాలావరకు ప్రతిబింబిస్తుంది. సరకు రవాణా పెరుగుతుందన్న నమ్మకం, చేతికందే వడ్డీకి అప్పు, ఈ రెండూ ఉన్నప్పుడే యజమాని కొత్త ఛాసిస్ కొంటాడు. అందువల్ల వాణిజ్య వాహనాల రంగం వ్యాపార చక్రంతోపాటు తీవ్రంగా పైకీ కిందికీ కదులుతుంది. మందులు, సబ్బులు, ఆహార వస్తువులు అమ్మే సంస్థలకు ఈ ఊగిసలాట తక్కువ. చక్రంలోని దశను బట్టి పెట్టుబడిని ఒక రంగం నుంచి మరొక రంగానికి మార్చడాన్నే సెక్టార్ రొటేషన్, అంటే రంగాల భ్రమణం అంటారు.

ఈ పద్ధతిలో మొదట గ్రహించవలసింది, షేరు ధర అమ్మకాల కన్నా ముందు నడుస్తుందన్న విషయం. దేశంలో వాణిజ్య వాహనాల అమ్మకాలు 2018-19లో సుమారు 10 లక్షలు. 2019-20లో అవి 7.2 లక్షలకు, 2020-21లో 5.7 లక్షలకు పడిపోయాయి. అంటే ఆటోనగర్ షెడ్లకు 2020-21 గడ్డుకాలం. అయితే అదే ఆర్థిక సంవత్సరంలో అశోక్ లేలాండ్ షేరు ధర రెట్టింపుకు పైగా పెరిగింది (ఈ సంస్థే 2025 మార్చిలో కృష్ణా జిల్లా మల్లవల్లిలో బస్సుల కర్మాగారాన్ని ప్రారంభించింది). రిజర్వు బ్యాంకు 2020 మేలో రెపో రేటును 4 శాతానికి తగ్గించడంతో, రాబోయే కోలుకోలును మదుపరులు ముందే లెక్కగట్టారు. అమ్మకాలు 9.6 లక్షలకు చేరింది 2022-23లో. షెడ్లు నిండే వరకు ఆగినవాడికి ఆ పెరుగుదలలో అధికభాగం దక్కలేదు.

కనుక ట్రేడర్లు అమ్మకాల గణాంకాల కన్నా సాపేక్ష బలాన్ని ఎక్కువగా చూస్తారు. రంగ సూచీని నిఫ్టీతో భాగించి, ఆ నిష్పత్తిని వారం వారం గమనిస్తారు. నిష్పత్తి కొన్ని నెలలుగా పెరుగుతూ, వడ్డీరేట్లు కూడా అదే దిశను సమర్థిస్తే ఆ రంగం వైపు మొగ్గుతారు. ఇక్కడ 'మొగ్గు' అన్న మాటను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. ఉన్నదంతా అమ్మి ఒకే రంగంలో పెట్టడం కాదు. సూచీలో ఆ రంగానికున్న వాటాకు మూడు, నాలుగు శాతం చేర్చి, మరో రంగంలో అంతే తగ్గించడం.

ఒక ఊహాత్మక లెక్కతో ఇది స్పష్టమవుతుంది. 10 లక్షల పెట్టుబడిలో 4 శాతం, అంటే 40,000 రూపాయలను నిత్యావసర వస్తువుల రంగం నుంచి వాహన రంగానికి మార్చారనుకుందాం. ఏడాదిలోపు వాహన షేర్లు 30 శాతం, నిత్యావసరాలవి 10 శాతం పెరిగితే అదనపు లాభం 8,000 రూపాయలు. అమ్మిన పాత షేర్లలో 10,000 రూపాయల స్వల్పకాలిక లాభం ఉందనుకుంటే, ప్రస్తుత 20 శాతం రేటున 2,000 పన్ను. వాహన షేర్లనూ ఏడాది నిండకముందే అమ్మితే 12,000 లాభంపై మరో 2,400. మిగిలేది 3,600, బ్రోకరేజి ఇంకా తీయలేదు. పైగా ఇది అంచనా సరిగ్గా ఫలించిన సందర్భం! అమెరికా మార్కెట్‌పై జాకబ్‌సన్, స్టాంగ్ల్, విసల్తనచోతి జరిపిన అధ్యయనం 1948–2007 కాలాన్ని పరిశీలించింది. చక్రంలోని మలుపులు ముందే కచ్చితంగా తెలిసినా, లావాదేవీల ఖర్చును వదిలేసినా, దక్కే అదనపు రాబడి ఏటా 2.3 శాతానికి మించదని తేల్చింది.

పాఠ్యపుస్తకాల్లోని క్రమం భారతదేశంలో తప్పడానికి మరొక కారణముంది. బ్యాంకులు చక్రారంభంలో, వడ్డీలు తక్కువగా ఉన్నప్పుడు రాణిస్తాయన్నది ప్రచారంలో ఉన్న సూత్రం. కానీ 2022 మే నుంచి రెపో రేటు వరుసగా పెరుగుతుండగా ప్రభుత్వరంగ బ్యాంకుల సూచీ ఆ ఏడాది సుమారు 70 శాతం పెరిగింది. 2019 అక్టోబరు నుంచి కొత్త గృహరుణాల వంటివాటి వడ్డీని రెపో వంటి బాహ్య ప్రమాణాలతో ముడిపెట్టారు. ఫలితంగా రుణాలపై వడ్డీ వెంటనే పెరిగింది, డిపాజిట్లపై వడ్డీ నెమ్మదిగా పెరిగింది. ఆ తేడా బ్యాంకుల ఆదాయమైంది. మొండి బకాయిలు తగ్గడం కూడా కలిసివచ్చింది. అదే ఏడాది ఐటీ సూచీ దాదాపు నాలుగో వంతు పడిపోయింది. ఐటీ ఆదాయం అధికంగా అమెరికా నుంచి వస్తుంది కాబట్టి అది తిరిగేది ఆ దేశపు చక్రంతోనే.

కృష్ణా డెల్టాకు చిరపరిచితమైన చక్కెర పరిశ్రమ అసలు ఈ పటంలో ఇమడదు. ఉయ్యూరులోని కేసీపీ షుగర్ వంటి సంస్థల లాభనష్టాలను వర్షపాతం, చెరకు మద్దతు ధర, ఇథనాల్ విధానం నిర్ణయిస్తాయి. 2023 డిసెంబరు 7న కేంద్రం చెరకు రసంతో ఇథనాల్ తయారీపై ఆంక్షలు విధించగానే దేశవ్యాప్తంగా చక్కెర షేర్లు పడిపోయాయి. ఆ కదలికను వ్యాపార చక్రంలోని ఏ దశా ముందుగా సూచించలేదు.